బోయాకి సరైన పక్కనే ఉన్నా రాళ్ళ మీదకి ఎలా పోతాం: ఒక రాత్రి ఎంట్రీ కేస్ స్టడీ

ఈ కేస్ ఒక ట్రైనింగ్ ట్రిప్‌లోది. బోట్ 11 మీటర్ల సెయిలింగ్ యాట్, డ్రాఫ్ట్ 1.9 మీటర్లు, అంటే కీల్ అడుగు నీటి మట్టానికి అంత కిందకి దిగి ఉంటది. స్కిప్పర్‌గా ఉన్నది పరీక్షకి తయారవుతున్న కుర్రాడు, నేను ఇన్‌స్ట్రక్టర్‌ని, ఇంకో ఇద్దరు క్రూ. పని చూడ్డానికి చిన్నదే, దక్షిణం నుంచి తీరం వెంట పైకొచ్చి చీకట్లో ఒక నది మొగలోకి దూరి లోపల లంగరు వెయ్యాలి. దార్లో ఉన్నవి ప్రమాదానికి ఏ దిక్కున లోతు ఉందో చెప్పే కార్డినల్ మార్కులు రెండు, ఆ తర్వాత ఛానల్ రెండు అంచులూ చూపించే ఎర్ర-పచ్చ లాటరల్ బోయాలు, అంతే. కుర్రాడికి అన్ని మార్కుల రంగులూ, కోన్లూ, లైట్లూ నోటికొచ్చు, అడిగితే టకటకా చెప్తాడు. అయినా రెండుసార్లు బోట్ రాళ్ళ వైపు పోబోయింది, రెండుసార్లూ మార్కుని సరిగ్గానే గుర్తుపట్టాక. అందుకే ఈ కేస్ రాయాలనిపించింది.

ముందు చోటు ఎలా ఉందో చెప్తాను, ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. నది మొగ పడమరకి తెరుచుకుని ఉంది. మొగకి దక్షిణం పక్క ఉన్న కొమ్ము నుంచి ఒక రాతి దిబ్బ సముద్రంలోకి పడమరగా పొడుచుకొచ్చింది. దాని పడమటి కొసన వెస్ట్ కార్డినల్ ఉంది. దిబ్బ ఉత్తరపు అంచు అక్కణ్ణుంచి ఈశాన్యంగా పోతుంది, ఆ అంచు మీద, వెస్ట్ కార్డినల్ నుంచి తూర్పుకి 0.8 మైలు, ఉత్తరానికి 0.5 మైలు జరిగితే నార్త్ కార్డినల్. (మైలు అన్న చోటల్లా నాటికల్ మైలే.) ఇంకా తూర్పుకి పోతే ఛానల్ మొదటి గేటు వస్తుంది, కుడిపక్క పచ్చ బోయా నంబర్ 1, ఎడంపక్క ఎర్ర బోయా నంబర్ 2, రెండింటి మధ్య పావు మైలు వెడల్పు. అంటే మేం దిబ్బ చుట్టూ తిరిగి, ముందు ఉత్తరానికి, తర్వాత తూర్పుకి పోవాలి.

మార్కుల గురించి రెండు ముక్కలు. ఇది బోయాలకి ప్రపంచమంతా పద్ధతి పెట్టే సంస్థ ఐఏఎల్ఏ చెప్పిన రీజియన్ ఎ లో ఉన్న చోటు, అంటే సముద్రంలోంచి లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమకి, పచ్చ కుడికి. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ రీజియన్ బి, అక్కడ రంగులు తలకిందులు. ఆకారాలు మాత్రం మారవు, ఎడంపక్కది డబ్బా ఆకారం, కుడిపక్కది కోన్. కార్డినల్స్‌కి ఈ గొడవ లేదు, ప్రపంచం మొత్తం ఒకటే, ఎందుకంటే అవి "నువ్వు వచ్చే దిక్కు" ని బట్టి కాకుండా దిక్సూచి దిక్కుని బట్టి మాట్లాడతాయి. వెస్ట్ కార్డినల్ అంటే లోతైన నీళ్ళు దానికి పడమర ఉన్నాయి అని, ప్రమాదం పడమర ఉంది అని కాదు. పగలైతే నల్ల కోన్లు రెండు చూస్తే చాలు: రెండు మొనలూ పైకుంటే నార్త్, కిందకుంటే సౌత్, మొనలు ఒకదానికొకటి ఎదురుగా ఉండి ఢమరుకంలా నడుం సన్నబడితే వెస్ట్, అడుగులు కలిసి మొనలు బయటికుంటే ఈస్ట్. మొనలు ఎటు చూపిస్తే అటు నల్ల పట్టీ ఉంటది, మిగతాది పసుపు. వెస్ట్‌కి మొనలు మధ్యకి చూస్తాయి కాబట్టి నలుపు మధ్యలో, పైనా కిందా పసుపు.

రాత్రి ఇవేవీ కనపడవు, లైటు లెక్కే దిక్కు. అందరూ గడియారం గుర్తుపెట్టుకుంటారు: ఈస్ట్ 3 మెరుపులు, సౌత్ 6, వెస్ట్ 9, నార్త్ ఆగకుండా. అన్నీ తెల్ల లైట్లే. మా వెస్ట్ కార్డినల్ పక్కన చార్ట్ మీద Q(9)15s అని ఉంది, అంటే ఇంచుమించు సెకనుకొకటి చొప్పున 9 మెరుపులు, తర్వాత చీకటి, మళ్ళీ మొదటి మెరుపు వచ్చేసరికి మొత్తం 15 సెకన్లు.

మార్కు సుమారు నాలుగు మైళ్ళ దూరంలో ఉండగా క్రూలో ఒకడు చూశాడు. లెక్కపెట్టి "ఎనిమిది" అన్నాడు, ఇంకోసారి "ఏడు సార్, కాదు కాదు, తొమ్మిది". ఇది మామూలే, మీటరు అల ఉంటే మన కన్ను ఎత్తు రెండు మీటర్లే కాబట్టి దూరంగా ఉన్న లైటు మధ్యలో ఒకట్రెండు మెరుపులు అల వెనక దాక్కుంటాయి. కుర్రాడు స్టాప్‌వాచ్ తీసి పీరియడ్ కొలిచి "15 సెకన్లు, వెస్ట్ కన్ఫర్మ్" అన్నాడు. ఇక్కడ ఆపాను. ఎందుకంటే సౌత్ కార్డినల్ మామూలు క్విక్ లైటు పీరియడ్ కూడా 15 సెకన్లే! Q(6)+LFl.15s, అంటే 6 మెరుపులు, వెంటనే ఒక పొడుగు మెరుపు. పీరియడ్ ఒక్కటే చూస్తే ఈ రెండూ తేడా తెలీవు, మెరుపులు కొన్ని పోయినప్పుడు 9 కాస్తా 6 లా కూడా కనపడొచ్చు. తేడా చెప్పేది ఆ చివరి పొడుగు మెరుపు, కనీసం 2 సెకన్లు వెలిగేది, సౌత్‌కి అది పెట్టిందే ఆరుని మూడుతోనో తొమ్మిదితోనో కలిపేసుకోకుండా ఉండటానికి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎన్ని మెరిశాయి" కన్నా "చివర పొడుగుది ఉందా లేదా" అన్నది. నాలుగు రౌండ్లు చూశారు, లేదు. అప్పుడు వెస్ట్. పొరపాటున సౌత్ అనుకుంటే ఏమవుతుందో చూడండి, "దక్షిణం నుంచి పోవాలి" అని మార్కుకి ముందే కుడికి తిరుగుతారు, తిన్నగా దిబ్బ దక్షిణపు పక్కకి.

ఇప్పుడు నీటి లెక్క. ఆ రాత్రి ఆటు కనిష్ఠం 0.6 మీటర్లు, పోటు గరిష్ఠం 3.6. మేం మార్కు దగ్గరికొచ్చేది ఆటు అయిపోయిన మూడు గంటలకి, అంటే మధ్యలో, నీటి ఎత్తు సుమారు 2.1 మీటర్లు. దిబ్బ మీద చార్ట్‌లో అండర్‌లైన్ గీసిన అంకె 0.8, అంటే చార్ట్ డేటమ్ కన్నా, చార్ట్ లోతులన్నీ కొలిచే మట్టం కన్నా, 0.8 మీటరు పైకి లేచే రాయి. 2.1 లోంచి 0.8 తీస్తే 1.3 మీటర్ల నీళ్ళు, మాకు కావాల్సింది 1.9. పోటు పెరుగుతోంది కదా ఎక్కినా లేపేస్తుంది అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు, ఇసుక మేట మీదైతే సరే, రాయి మీద అల ఉన్నప్పుడు ప్రతి అలకీ బోట్ లేచి పడుతుంటది, పోటు లేపే లోపు కీలో చుక్కానో పోతుంది.

మధ్య పోటు అంటే ఇంకో సంగతి కూడా, ప్రవాహం బలంగా ఉండే సమయం. అక్కడ పోటు నది లోపలికి, అంటే తూర్పుకి, 1.5 నాట్లతో, గంటకి ఒకటిన్నర మైలు చొప్పున లాగుతోంది. మేం ఇంజిన్ మీద 5 నాట్లు.

కుర్రాడి ప్లాన్: మార్కుకి మైలు దక్షిణాన, దాని గీతకి 0.3 మైలు పడమరగా ఉన్న పాయింట్ నుంచి తిన్నగా ఉత్తరానికి, కంపాస్ డిగ్రీల్లో 000, స్టీర్ చెయ్యటం, మార్కుని కుడిపక్క 0.3 మైలు దూరంలో వదిలి పోవటం. కాగితం మీద చక్కగా ఉంది. మార్కు కుడి ముక్కు మీద కనపడుతోంది, "పడమర పక్కనే ఉన్నాం, ఓకే" అన్నాడు. హ్యాండ్ బేరింగ్ కంపాస్‌తో మార్కు బేరింగ్, అంటే అది ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో కనపడుతోందో తీసి, వేరియేషన్, అంటే కంపాస్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా సరిచేస్తే 017 ట్రూ. రెండు నిమిషాల తర్వాత తియ్యమన్నాను. 017. ఇంకో రెండు నిమిషాలకి, 017.

ఇదే ఈ కేస్‌లో మొదటి ముఖ్యమైన చోటు. పక్కనుంచి దాటిపోబోయే వస్తువు బేరింగ్ మారాలి, కుడిపక్కది ఇంకా కుడికి జరుగుతూ పోవాలి, 017 కాస్తా 022, 030, తర్వాత 045, చివరికి 090 అయ్యి పక్కకి రావాలి. మారట్లేదంటే మనం దాని మీదకే పోతున్నట్టు. ఇంకో ఓడతో గుద్దుకునే ప్రమాదాన్ని పట్టుకునే సూత్రమే ఇది, కదలని బోయాకి కూడా అంతే పనిచేస్తుంది, కానీ బోయా కదలదు కదా అని ఎవరూ వాడరు. లెక్క చూడండి: మైలు పైకి పోవటానికి 5 నాట్లతో 12 నిమిషాలు పడుతుంది, ఆ 12 నిమిషాల్లో 1.5 నాట్ల పోటు బోట్‌ని తూర్పుకి 0.3 మైలు తోసేస్తుంది. మేం వదిలిన దూరం సరిగ్గా 0.3 మైలు. ముక్కు ఉత్తరానికి ఉంది కానీ బోట్ నేల మీద నడుస్తున్న దారి 017. జీపీఎస్ ప్లాటర్‌లో కోర్స్ ఓవర్ గ్రౌండ్ 017 అని కనపడుతూనే ఉంది, ఎవరూ దాన్ని హెడ్డింగ్‌తో పోల్చలేదు, ఎందుకంటే అందరి కళ్ళూ లైటు మీదే.

"మరి ఏం చేద్దాం?" అన్నాను.

"ఎడమకి తిప్పాలి సార్. ఎంత అంటే... 343?"

343 అనేది మొదటి నుంచీ పట్టుకోవాల్సిన హెడ్డింగ్, 1.5 ని 5 తో భాగిస్తే 0.3, ఆ సైన్ విలువకి కోణం 17 డిగ్రీల చిల్లర, కాబట్టి 000 నుంచి అంత ఎడమకి. లెక్క అతను మనసులోనే చేశాడు, బాగుంది. కానీ అప్పటికే నాలుగు నిమిషాలు గడిచాయి, 0.1 మైలు తూర్పుకి కొట్టుకొచ్చేశాం, ఇప్పుడు 343 పెడితే మార్కుకి 0.2 మైలు దూరంలోనే పోతాం. పోయిన దూరం కూడా వెనక్కి తెచ్చుకోవాలంటే ఇంకా ఎక్కువ తిప్పాలి. 330 పెట్టాం. దాంతో బోట్ ఉత్తరానికి 4.3 నాట్లు, పడమరకి ఒక నాటు లెక్కన కదిలి, మార్కు పక్కకి వచ్చేసరికి 0.35 మైలు దూరం వచ్చింది. బేరింగ్ కూడా వెంటనే మాట వింది, రెండు నిమిషాల్లోనే 024 అయ్యి కుడికి తెరుచుకుంటూ పోయింది.

ఇక్కడ కార్డినల్ మార్కు గురించి చాలామంది సగమే నేర్చుకునే విషయం ఒకటి చెప్పాలి. వెస్ట్ కార్డినల్ "నాకు పడమర మంచిది" అంటే అది భూమ్మీద ఉన్న పడమరంతా అని కాదు, మార్కు నుంచి నైరుతి దగ్గర్నుంచి వాయవ్యం దాకా ఉన్న పావు వంతు ముక్క, ఆ క్వాడ్రంట్ మాత్రమే. మనం అందులో ఉన్నామో లేదో బోట్ నుంచి తెలుసుకోవాలంటే బేరింగ్ తిరగేసి చూడాలి: వెస్ట్ కార్డినల్ మనకి 045 నుంచి 135 మధ్య కనపడితే మనం దాని పడమటి ముక్కలో ఉన్నట్టు. నార్త్ కార్డినల్ అయితే 135 నుంచి 225 మధ్య కనపడాలి. ఇవన్నీ ట్రూ బేరింగులు. మేం మైలు దూరాన 017 చూస్తున్నప్పుడు నిజానికి దాని దక్షిణపు ముక్కలో ఉన్నాం, ఆ మార్కు మాకు అప్పటికి ఏ హామీ ఇవ్వట్లేదు. అక్కడ లోతు ఉంది కాబట్టి నడిచిపోయింది, ఆ లోతు ఉందని చెప్పింది చార్ట్, మార్కు కాదు. "పడమర పక్కనే ఉన్నాం, ఓకే" అన్న మాట వినటానికి బాగుంటది గానీ 045 వచ్చేదాకా అది నిజం కాదు.

ఇక రెండో ఘట్టం. వెస్ట్ కార్డినల్ 090 కి, అంటే సరిగ్గా పక్కకి వచ్చింది. కుర్రాడు ఊపిరి తీసుకుని కుడిపక్క ముందు చూశాడు. అక్కడ నార్త్ కార్డినల్ ఆగకుండా టకటకా కొట్టుకుంటోంది, దాని వెనకే కొంచెం కుడిగా పచ్చ లైటు, 5 సెకన్లకొకసారి, నంబర్ 1. రెండూ దాదాపు ఒకే వరుసలో, ఒకటి 066, ఇంకోటి 068.

"సార్, రెండూ లైన్లో ఉన్నాయి, దీన్నే పట్టుకుని పోతే తిన్నగా గేటు దగ్గరికే కదా. దూరం కూడా తగ్గుద్ది."

చీకట్లో రెండు లైట్లు వరుసలో పడితే మనిషికి అది దారిలాగే కనపడుతుంది, లీడింగ్ లైట్లకి అలవాటుపడ్డ కన్ను అది. కానీ లీడింగ్ లైట్లని దారి చూపించటానికే కట్టి, ఆ గీత మీద లోతు ఉండేట్టు చూస్తారు, చార్ట్‌లో ఆ గీత గీసి బేరింగ్ రాసి ఉంటది. ఇక్కడ కార్డినల్, లాటరల్ వరుసలో పడటం మనం నిలబడ్డ చోటు చేసిన యాదృచ్ఛికం. కాబట్టి బేరింగ్ పరీక్షే పెట్టుకోవాలి: నార్త్ కార్డినల్ మనకి 066 లో కనపడుతోంది అంటే మనం దానికి పడమటి ముక్కలో ఉన్నాం. నార్త్ కార్డినల్‌కి పడమర ఏముంది? దిబ్బ. 066 పట్టుకుని పోయే గీత దిబ్బ అంచుకి ఒరుసుకుంటూ పోయి చివరికి నార్త్ కార్డినల్ బోయానే తగుల్తుంది. పైగా పోటు తూర్పుకి లాగుతోంది, 066 మీద పోయే బోట్‌కి అది కుడిపక్కకి తోపు, అంటే దిబ్బ మీదకి, గంటకి 0.6 మైలు లెక్కన. బోయాని ముక్కు మీద పెట్టుకుని పోతూ ఉంటే ఆ తోపు తెలీదు కూడా.

ఇంకో సంగతి, పక్కపక్కన ఉన్న రెండు మార్కుల్ని కలిపితే వచ్చే గీత కంచె కాదు. వెస్ట్ కార్డినల్ నుంచి నార్త్ కార్డినల్‌కి గీసిన గీత 058, ఆ గీత మీద చార్ట్‌లో 2.4 మీటర్ల అంకె ఉంది, గీతకి కొంచెం లోపలే 0.8 రాయి. మార్కులు పెట్టేవాళ్ళు కొసల్నీ ముఖ్యమైన అంచుల్నీ చూసి పెడతారు, మధ్యలో అంచు ఎటు వంపు తిరిగిందో బోయా చెప్పలేదు.

సరైన దారి విసుగ్గా ఉంటది కానీ తిన్ననిది. ఇంకా ఉత్తరానికి పోవాలి, వెస్ట్ కార్డినల్‌ని దాటాక మరో మైలు. చార్ట్ మీద మేం ముందే ఒక క్లియరింగ్ బేరింగ్ గీసి ఉండాల్సింది, అప్పుడు గీశాం, బోట్‌ని ఉత్తరానికే పోనిస్తూ: నార్త్ కార్డినల్ 080 కన్నా తక్కువలో కనపడినంత సేపు కుడికి తిరగటం మాటే లేదు. 080 కన్నా పెద్ద అంకె ఉంటే దిబ్బ అంచుకి బయట చాలా జాగా ఉన్నట్టు. తిరిగే పాయింట్ దానికీ పైన పెట్టాం, నార్త్ కార్డినల్ 115 కి వచ్చినప్పుడు 090 కి తిరగాలి. ఇలా బేరింగ్‌తో తిరిగే పాయింట్ పెట్టుకుంటే జీపీఎస్ పోయినా చేతి కంపాస్‌తో పని జరుగుద్ది. ఇక్కడ చిన్న గొడవ, చేతి కంపాస్ మాగ్నెటిక్ చూపిస్తుంది, అక్కడ వేరియేషన్ 3 డిగ్రీలు పడమర, కాబట్టి ట్రూ 115 కావాలంటే కంపాస్‌లో 118 చూడాలి. నేను ఐతే చీకటి పడకముందే ఒక కాగితం మీద కంపాస్ అంకెలే పెద్దగా రాయించి పెట్టిస్తాను, రాత్రి అల మీద నిలబడి కూడికలు తీసివేతలు చెయ్యటం ఎవరి వల్లా కాదు.

118 కనపడింది, 090 కి తిరిగాం. తిరిగినచోట మేం ఏ మార్కు ముక్కలోనూ లేం, వెస్ట్ కార్డినల్ ముక్క వదిలి చాలాసేపయ్యింది, నార్త్ కార్డినల్ ముక్కలోకి ఇంకా రాలేదు. ఆ మధ్య జాగాలో మాట్లాడేది చార్ట్, లోతు కొలిచే ఎకో సౌండర్ ఇద్దరే, చార్ట్‌లో 12 మీటర్లు, సౌండర్ 14 దగ్గర ఆడుతోంది, నీటి ఎత్తు రెండు చిల్లర కలిపితే సరిపోయింది. కాసేపటికి నార్త్ కార్డినల్ 135 దాటింది, అప్పుడు దాని ఉత్తరపు ముక్కలోకి వచ్చాం, అరమైలు దూరంలో కుడిపక్క దాటిపోయింది. ప్లాటర్‌లో చూస్తే బోయా చార్ట్‌లో గుర్తు ఉన్న చోటికి కొన్ని పదుల మీటర్లు తూర్పుగా ఉన్నట్టు అనిపించింది. అది కంగారుపడాల్సింది కాదు, చార్ట్ మీద గుర్తు అడుగున ఉన్న బరువుది, పైన బోయా గొలుసు పొడుగుని బట్టి ప్రవాహం వైపు జరుగుతుంది. ఆటు కనిష్ఠంలో గొలుసు ఇంకా వదులై ఎక్కువ తిరుగుతుంది. అందుకే బోయాని గీత గీసినట్టు ఒరుసుకుంటూ పోకూడదు, దాని మీదే వేపాయింట్ పెట్టి ఆటోపైలట్‌కి అప్పగించటం అంతకన్నా పిచ్చి పని, ఇప్పుడు జీపీఎస్ ఎంత కచ్చితం అంటే నిజంగానే గుద్దేస్తుంది.

ఇక్కణ్ణుంచి లాటరల్స్ రాజ్యం. పోటు వెనకనుంచి తోస్తోంది కాబట్టి నేల మీద వేగం 6.5 నాట్లు, హెడ్డింగూ దారీ రెండూ 090, పక్కతోపు లేదు. గేటులోకి సులువుగానే వచ్చాం, పచ్చ కుడికి, ఎరుపు ఎడమకి. ఊరి లైట్ల మధ్యలో ఎర్రవి చాలా ఉన్నాయి, అందుకని రంగు చూసి కాకుండా పీరియడ్ కొలిచాకే నంబర్ 2 అని ఒప్పుకోమన్నాను. కుర్రాడు ఇది బాగా చేశాడు, ప్రతి లైటునీ కనపడక ముందే "ఇప్పుడు ఫలానా బేరింగ్‌లో ఫలానా లైటు రావాలి" అని చెప్పి వెతికించాడు. కనపడ్డ లైటుకి పేరు పెట్టటం కన్నా రావాల్సిన లైటుని వెతకటం చాలా సేఫ్, ఎందుకంటే రాకపోతే వెంటనే అనుమానం వస్తుంది.

నంబర్ 3 పచ్చ బోయా దగ్గర ఛానల్ ఈశాన్యానికి, 045 కి వంపు తిరుగుతుంది. తర్వాతి పచ్చ, నంబర్ 5, 0.8 మైలు. వంపు దగ్గర పోటు వెంటనే తిరగదు, కాసేపు తిన్నగా తూర్పుకే పోతుంది, అంటే 045 మీద పోయే మాకు కుడి వైపుకి గంటకి మైలు పైచిలుకు తోపు, ఆ కుడి వైపున పచ్చ బోయాల అవతల ఇసుక తిప్ప, చార్ట్‌లో 0.5. స్టీరింగ్ మీద ఉన్న క్రూ నంబర్ 5 ని ముక్కు మీద పెట్టుకుని పోతున్నాడు. బోయా ముక్కు మీదే ఉంది కాబట్టి వాడికి అంతా బాగానే ఉంది. నిజానికి బోట్ నేల మీద విల్లులా కుడికి వంగిన దారిలో పోతోంది, రెండు పచ్చల మధ్య గీతకి అవతలికి.

దీన్ని పట్టుకోవటానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి కంపాస్: బోయాని ముక్కు మీద ఉంచటానికి హెడ్డింగ్ 045 నుంచి మెల్లగా 040, 036 అంటూ ఎడమకి జారుతుంటే పక్కతోపు ఉన్నట్టే. ఇంకోటి వెనక్కి తిరిగి చూడటం. వెనక నంబర్ 3, 225 లో ఉండాలి. అది 235, 240 అని పడమరకి జరుగుతుంటే మనం గీతకి కుడిపక్క పడిపోయినట్టు. రెండు బోయాల గీత మీద మనం ఉన్నామా లేదా అన్నది ముందున్నది ఒక్కటే చెప్పలేదు, వెనకది కూడా చూస్తేనే తెలుస్తుంది. ఈసారి కుర్రాడే పట్టుకున్నాడు, "235 వచ్చింది, కుడికి పోతున్నాం, 020 పెట్టు" అన్నాడు. కాసేపు ఎక్కువ తిప్పి ఛానల్‌లోకి వెనక్కి తెచ్చాక 033 మీద ఉంచాడు, పక్కతోపుకి అదే సరైన కోణం, 12 డిగ్రీలు ఎడమకి. ముక్కు పచ్చ బోయాకి ఎడంగా చూస్తున్నా బోట్ దాని వైపే అడ్డంగా నడుస్తుంటే క్రూకి మొదట్లో నమ్మకం కుదరదు, చేత్తో పట్టుకుని చూపించాల్సిందే.

అప్పుడే పైనుంచి ఒక సరుకు ఓడ బయటికి దిగుతోంది. చిన్న బోట్లు పెద్దవాటికి దారివ్వటానికి బోయాల బయటి పక్కకి జరగటం మామూలే, నీళ్ళు చాలితే మంచి పని కూడా. లాటరల్ బోయాలు ఆ ఛానల్‌ని వాడే ఓడల లోతుకి పెట్టినవి కాబట్టి చాలా చోట్ల వాటి బయట కూడా మనకి చాలినంత లోతు ఉంటది. ఇక్కడ లేదు, 0.5 కి ఆ టైముకి 2.5 కలిపినా మూడు మీటర్లు, అలలూ, మేటలు కదలటమూ లెక్కేస్తే కీల్ కింద మిగిలేదాన్ని నేను నమ్మను. కాబట్టి ఛానల్ లోపలే కుడి అంచున ఉన్నాం. కొలిజన్ రెగ్యులేషన్స్ 9వ రూల్ కూడా అదే అంటుంది, ఇరుకు ఛానల్‌లో సాధ్యమైనంత కుడి అంచుకి ఉండాలి, 20 మీటర్ల లోపు బోట్లూ, తెరచాప బోట్లూ ఛానల్ వదిలితే నీళ్ళు లేని ఓడకి అడ్డం పోకూడదు. ఓడ ఎడంపక్క నుంచి పోయింది.

లంగరు వేశాక చార్ట్ ముందేసుకుని కూర్చున్నాం. కుర్రాడు అడిగాడు, "అన్ని మార్కులూ కరెక్ట్‌గానే చదివాను కదా సార్, మరి ఎక్కడ తేడా కొట్టింది?" చదవటంలో ఏ తేడా లేదు. మార్కు చెప్పేది ఎటు పక్క అనే సంగతి, ఆ పక్కన ఎంత దూరంలో, ఎక్కడ తిరగాలి, ప్రవాహం ఎటు లాగుతోంది అన్నవి స్కిప్పర్ ముందే చార్ట్ మీద గీసుకోవాలి. అతని ప్యాసేజ్ ప్లాన్‌లో మార్కుల పేర్లు, లైట్లు, వేపాయింట్లు ఉన్నాయి, ఒక్క బేరింగ్ కూడా లేదు. ప్రతి మార్కు పక్కనా మూడు అంకెలు రాయించాను: ఏ బేరింగ్ నుంచి ఏ బేరింగ్ దాకా అది మనకి హామీ ఇస్తుంది, దాటకూడని క్లియరింగ్ బేరింగ్, తిరిగే బేరింగ్. లాటరల్స్‌కి అయితే వెనక బోయా ఉండాల్సిన బ్యాక్ బేరింగ్. ప్రవాహం పక్కన గంటగంటకీ స్టీర్ చెయ్యాల్సిన హెడ్డింగ్.

తిరుగు ప్రయాణానికి అదే పద్ధతిలో ప్లాన్ అతనే వేశాడు. మొదట ఆటు మధ్యలో బయల్దేరదాం అన్నాడు, ఆటు పడమరకి లాగుతుంది కాబట్టి వెస్ట్ కార్డినల్ దగ్గర దిబ్బ నుంచి దూరంగానే తోస్తుంది, బేరింగుల పరంగా అది సులువైన దారే. కానీ మర్నాడు గాలి పడమర నుంచి, నది లోంచి వచ్చే ఆటుకి ఎదురు, అలాంటప్పుడు మొగ దగ్గర అలలు నిటారుగా లేచి నార్త్ కార్డినల్ నుంచి గేటు దాకా తెల్లగా విరుగుతాయి. లెక్క మళ్ళీ వేసి, పోటు నిండి నీళ్ళు నిలకడగా ఉన్న టైముకి మార్చాడు.